ఒక గ్లాసులో 30 గ్రాముల ప్రోటీన్: స్కూపు, పాలు, పండు లెక్క

(మా కాలనీ వాకర్స్ గ్రూపు ఆదివారం పొద్దున కమ్యూనిటీ హాల్లో పెట్టిన కార్యక్రమంలో ఒక డైటీషియన్ మేడమ్ మాట్లాడింది ఇది. రాలేకపోయినవాళ్లు అడిగారని రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం, మిగతాదంతా ఆవిడ మాటే.)

అందరికీ నమస్కారమండి. వెనకవాళ్లకి వినిపిస్తోందా? ఆ ఫ్యాన్ ఒక్కటి కొంచెం తగ్గించండి బాబూ, పౌడర్ తూయాలి, ఎగిరిపోతుంది. ఆ, చాలు.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "మేడమ్, 30 గ్రాముల ప్రోటీన్ రావాలంటే స్మూతీలో ప్రోటీన్ పౌడర్ ఎన్ని స్కూపులు వేసుకోవాలి?" నేను వెంటనే ఎదురు ప్రశ్న వేస్తాను, పాలు ఎన్ని పోస్తున్నారు అని. వాళ్లు నా వైపు వింతగా చూస్తారు. పౌడర్ గురించి అడిగితే ఈవిడ పాల గురించి అడుగుతుందేంటి అని. ఎందుకు అడుగుతానో ఇవాళ చెప్తాను. అసలు ఇవాళ చెప్పేది అదొక్కటే అనుకోండి, మిగతావన్నీ దాని వెనకాల వచ్చేవి.

ముందు ఒక మాట, దాన్ని మళ్లీ మళ్లీ చెప్పను. మన హైదరాబాద్‌లోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, తార్నాకలో ఉంటుంది, అందరూ ఎన్ఐఎన్ అంటారు, వాళ్ల లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి రోజుకి కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రోటీన్ చాలు. 60 కిలోలుంటే రోజంతటికీ 50 గ్రాములు. అదే సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో ప్రోటీన్ సప్లిమెంట్ల జోలికి పోవద్దనే చెప్పింది. పప్పు, పెరుగు, గుడ్లు, చేపలు సరిగ్గా తినేవాళ్లకి ఈ డబ్బాతో పనే లేదు, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ ఇక్కడ పొద్దున్నే ఒక ఇడ్లీ తిని ఆఫీసుకి పరిగెత్తేవాళ్లున్నారు, జిమ్‌కి వెళ్లే పిల్లలున్నారు, పళ్లు ఊడి ముద్ద నమలలేని పెద్దవాళ్లున్నారు. డబ్బా ఇప్పటికే కొనేశారు కూడా. కొన్నాక సరిగ్గా వాడటం తెలియాలి కదా, దాని గురించే మాట్లాడుకుందాం. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం నా మాట విని మొదలుపెట్టకండి, మీ డాక్టర్‌ని అడిగాకే ఏదైనా.

సరే. ఇక్కడ టేబుల్ మీద ఒక డబ్బా ఉంది, మామూలు వే కాన్సంట్రేట్, చాక్లెట్ ఫ్లేవర్. పేరు కనపడకుండా కాగితం అంటించాను, ఏ కంపెనీ అని అడగొద్దు. వే అంటే ఏంటో తెలుసు కదా? పాలు విరిగితే పైన తేలే పలచటి నీళ్లు, విరుగుడు తేట అంటాం, దాన్ని వడకట్టి ఎండబెడితే వచ్చే పొడి. లేబుల్ మీద ఏముందంటే, ఒక స్కూపు 33 గ్రాములు, అందులో ప్రోటీన్ 24 గ్రాములు. ఇది వంటింటి త్రాసు, ఆరేడు వందలకి దొరుకుతుంది. ఒక ముగ్గురు రండి ముందుకి. మీరు రండమ్మా. బాబూ, నువ్వు జిమ్‌కి వెళ్తావు కదా, నువ్వు రా. అంకుల్, మీరు కూడా. ఇంట్లో ఎలా తీసుకుంటారో అలాగే ఒక్కొక్క స్కూపు తీసి ఈ గిన్నెలో వేయండి. నేనేం చెప్పను.

అమ్మ తీసింది చూడండి, డబ్బాలో పైపైన తేలిగ్గా తోడి పోశారు. 27 గ్రాములు. తర్వాత అంకుల్, వేలితో పైన చదును చేశారు, 31. ఇప్పుడు బాబు... గోపురం కట్టావు కదయ్యా! డబ్బా గోడకేసి నొక్కి మరీ తీశావు. 38 గ్రాములు.

ఒకే డబ్బా, ఒకే స్కూపు, చూశారుగా. అమ్మకి వచ్చిన ప్రోటీన్ పంతొమ్మిదిన్నర, అంకుల్‌కి ఇరవై రెండున్నర, బాబుకి ఇరవై ఏడున్నర. ఎనిమిది గ్రాముల తేడా. ఎనిమిది గ్రాములంటే ఎంతో తెలుసా? పావు లీటరు పాలలో ఉండేంత. మరి ముగ్గురూ ఇంటికెళ్లి ఏం చెప్తారు? "నేను ఒక స్కూపు వేసుకున్నాను" అనే చెప్తారు.

ఎందుకిలా అంటే పొడి బియ్యంలాంటిది కాదు, మధ్యలో గాలి ఉంటుంది. కొత్త డబ్బా లారీల్లో ఊగి ఊగి వచ్చి దిగ్గొట్టినట్టు ఉంటుంది, అప్పుడు స్కూపులో ఎక్కువ బరువు పడుతుంది. మీరు స్కూపు ఎక్కడో అడుగున ఉందని డబ్బా తిప్పి తిప్పి ఊపుతారు చూడండి, అప్పుడు పొడి పొంగుతుంది, తక్కువ పడుతుంది. వానాకాలం తేమకి ముద్ద కట్టిందంటే ఇంకో లెక్క. అందుకని నేను చెప్పేది స్కూపుని గరిటెలాగా వాడండి, తీసి వేయడానికి. కొలత మాత్రం త్రాసు చెప్పాలి. గ్లాసో జారో త్రాసు మీద పెట్టి, సున్నా నొక్కి, పొడి వేయండి. అర నిమిషం పని.

లేబుల్ మీద ఇంకొకటి చూడాలి. సర్వింగ్ అంటే ఎన్ని స్కూపులు? కొన్ని డబ్బాల మీద ఒక స్కూపు ఒక సర్వింగ్, కొన్నిటి మీద రెండు స్కూపులు ఒక సర్వింగ్. పెద్ద అక్షరాల్లో "24 గ్రాములు" అని ముందువైపు వేసి, అది రెండు స్కూపులకి అని వెనక చిన్న అక్షరాల్లో రాస్తే మీరు ఒక్కటి వేసుకుని సగమే తాగుతున్నారన్నమాట. ఇక మాస్ గెయినర్ అని పెద్ద సంచుల్లో అమ్ముతారు, అందులో వంద గ్రాములు వేసుకున్నా చాలావాటిలో ప్రోటీన్ పదిహేను, ఇరవై గ్రాములే ఉంటుంది, మిగతాదంతా పిండిపదార్థం. దానితో నేను చెప్పబోయే లెక్క వేస్తే గ్లాసులో గరిట నిలబడుతుంది. అది వేరే వస్తువు, దాన్ని పక్కన పెట్టేద్దాం.

ఇప్పుడు అసలు లెక్కకి వద్దాం. పౌడర్‌తో మొదలుపెట్టకండి. గ్లాసులో పౌడర్ కాకుండా ఇంకేం పోస్తున్నారో ముందు దాని ప్రోటీన్ లెక్క కట్టండి. లక్ష్యంలోంచి అది తీసేయండి. మిగిలింది పౌడర్ ఇవ్వాలి. అంతే. మన ఇంటి ఖర్చు లెక్కలాగే కదా, చేతిలో ఎంతుందో చూసుకుని మిగతాది బ్యాంకులోంచి తీస్తాం.

చేసి చూద్దాం. లక్ష్యం 30 గ్రాములు. టోన్డ్ పాలు, ప్యాకెట్‌వి, వంద మిల్లీలీటర్లకి మూడు గ్రాముల పైచిలుకు ప్రోటీన్, మూడు పాయింట్ రెండు అనుకోండి. పావు లీటరు పోస్తే 8 గ్రాములు వచ్చేసింది. అరటిపండు ఒకటి, తొక్క తీసి తూస్తే వంద గ్రాములు, ఒక గ్రాము. ఎంతైంది? తొమ్మిది. ముప్పైలోంచి తొమ్మిది పోతే ఇరవై ఒకటి. ఆ ఇరవై ఒకటి పౌడర్ నుంచి రావాలి. మన డబ్బాలో 33 గ్రాములకి 24. అంటే ఇరవై ఒకటిని 33తో గుణించి 24తో భాగించండి. ఎంతొచ్చింది? ఫోన్లో కొడుతున్నారు కొందరు, మంచిది. 28.9. అంటే 29 గ్రాముల పౌడర్. నిండు స్కూపు కూడా అక్కర్లేదు.

ఇప్పుడు పాల బదులు నీళ్లు పోశారనుకోండి. అరటిపండు ఒక్క గ్రాము ఇస్తుంది. మిగతా ఇరవై తొమ్మిదీ పౌడరే ఇవ్వాలి. 40 గ్రాములు వేయాలి. చూశారా, పాలు మార్చగానే పౌడర్ ఇరవై తొమ్మిది నుంచి నలభైకి పోయింది. ఇప్పుడు అర్థమైందా నేను పాలు ఎన్ని పోస్తున్నారని ఎందుకు అడుగుతానో?

(సభలోంచి ఒకావిడ: మేడమ్, నేను బాదం పాలు పోస్తాను.)

ఇందాక 27 గ్రాములు తీసిన అమ్మ మీరే కదా? మంచి ప్రశ్న అడిగారు. మీ స్మూతీ మొత్తం చెప్పండి... ఒక స్కూపు, ప్యాకెట్ బాదం పాలు ఒక గ్లాసు, రెండు అరటిపండ్లు, ఒక చెంచా తేనె. ఎంత ప్రోటీన్ అనుకుంటున్నారు? ముప్పై పైనే, ఎందుకంటే స్కూపులో ఇరవై నాలుగు, బాదంలో ప్రోటీన్ బాగా ఉంటుంది కదా అని. అవునమ్మా, బాదం పప్పులో బాగా ఉంటుంది. కానీ ఆ ప్యాకెట్‌లో బాదం ఎంతుంది? వెనక తిప్పి చూడండి, చాలావాటిలో రెండు మూడు శాతం ఉంటుంది, మిగతాది నీళ్లు. గ్లాసంతా కలిపితే ఒక గ్రాము, మహా అయితే రెండు. మీ 27 గ్రాముల స్కూపు పంతొమ్మిదిన్నర, రెండు అరటిపండ్లు రెండు, బాదం పాలు ఒకటి. ఇరవై రెండు, ఇరవై మూడు. ముప్పై అనుకుని ఎన్నాళ్లుగా తాగుతున్నారు? ఆరు నెలలా. పోనీలెండి, నష్టమేం లేదు, కానీ రెండు అరటిపండ్లలోంచీ తేనెలోంచీ కలిపి ముప్పై గ్రాముల దాకా చక్కెర వెళ్తోంది లోపలికి, అది కూడా చూసుకోండి. బాదం పాలే ఇష్టమైతే మానక్కర్లేదు. పౌడర్ పెంచండి, రెండో పండూ తేనే తీసేయండి. లేదా సోయా పాలకి మారండి, చక్కెర కలపనివి, వాటిలో ప్రోటీన్ దాదాపు ఆవుపాలంత ఉంటుంది.

ఫుల్ క్రీమ్ పాలైతే? ప్రోటీన్ దాదాపు అంతే, కొవ్వు మాత్రం టోన్డ్ పాలకి రెట్టింపు, మూడుకి బదులు ఆరు శాతం. ప్రోటీన్ కోసమని చిక్కటి పాలకి మారడంలో అర్థం లేదు. రుచి కోసం అంటే అది మీ ఇష్టం. వేరుశెనగ వెన్న, అదే పీనట్ బటర్, దీని గురించి కూడా అందరికీ ఒక భ్రమ ఉంది. ఒక పెద్ద చెంచా వేస్తే నాలుగు గ్రాముల ప్రోటీన్ వస్తుంది, దానితో పాటు తొంభై అయిదు కేలరీలు. అదే నాలుగు గ్రాములు పౌడర్ నుంచి తెచ్చుకుంటే ఇరవై చిల్లర కేలరీలు. బరువు పెరగాలనుకునే పిల్లలకి పీనట్ బటర్ బాగుంటుంది, తగ్గాలనుకునేవాళ్లు మాత్రం దాన్ని ప్రోటీన్ అని పిలవకండి.

పండు ఎంత వేయాలి, ద్రవం ఎంత పోయాలి? ప్రోటీన్ లెక్కలో పండుకి పెద్ద పాత్ర లేదు. ఏ పండైనా వంద గ్రాములకి గ్రాము, అర గ్రాము. సపోటా, మామిడి, బొప్పాయి, స్ట్రాబెరీ, అన్నీ ఒక్క గ్రాము లోపే. జామ కొంచెం మేలు, కానీ గింజలు మిక్సీలో నలిగీ నలగక పళ్లలో ఇరుక్కుంటాయి. పండు పని రుచి, చిక్కదనం. అందుకని ప్రోటీన్ లెక్క తేలాక, పండూ ద్రవమూ అటూ ఇటూ జరిపి మీకు నచ్చిన చిక్కదనం తెచ్చుకోవచ్చు.

నేను మొదలుపెట్టేది ఎక్కడంటే, 30 గ్రాముల పౌడర్‌కి 250 మిల్లీలీటర్ల ద్రవం, 100 గ్రాముల పండు. ఇది గుర్తుపెట్టుకోండి, ముప్పై, రెండు వందల యాభై, వంద. ఇది స్ట్రాతో తాగేలా వస్తుంది. అరటిపండుని ముక్కలు కోసి ముందురోజు రాత్రి డీప్ ఫ్రీజర్‌లో పెట్టి వేస్తే మిల్క్‌షేక్ లాగా వస్తుంది, ఐసు అక్కర్లేదు. ఐసు వేస్తారా, అయితే గుర్తుంచుకోండి, ఐసు కూడా నీళ్లే. నాలుగు ముక్కలు కరిగితే ఒక అరవై, డెబ్బై మిల్లీలీటర్లు. అంత మేరకి పాలు తగ్గించారనుకోండి, మళ్లీ ప్రోటీన్ తగ్గుతుంది, ఒక రెండు గ్రాములు. పాలు తగ్గించకుండా ఐసు వేశారనుకోండి, పలచబడుతుంది. అందుకే గడ్డకట్టిన పండు మేలంటాను.

పుచ్చకాయ వేసేవాళ్లున్నారా? ఎండాకాలం వేస్తారు. అది పండు కాదు, ఈ లెక్కలో అది ద్రవం. తొంభై శాతం పైన నీళ్లే. ఖర్బూజా కూడా అంతే. వంద గ్రాముల పుచ్చకాయ వేస్తే పాలు ఎనభై మిల్లీలీటర్ల దాకా తగ్గించాల్సి వస్తుంది, మళ్లీ పౌడర్ పెంచాల్సి వస్తుంది. పైగా పుచ్చకాయ, పాలు, చాక్లెట్ వే... ఆ రుచి మీరే ఊహించుకోండి. అరటిపండులోనూ డెబ్బై అయిదు శాతం నీళ్లే, కానీ మెదిపితే గుజ్జుగా కట్టుకుంటుంది, అందుకే స్మూతీకి అది రాజు. చిన్న చక్కెరకేళీ అయితే రెండు కావాలి వంద గ్రాములకి, పొడుగు పచ్చ అరటి అయితే ఒకటే ఎక్కువ అవ్వచ్చు. "ఒక అరటిపండు" అనేది కూడా స్కూపులాంటి కొలతేనండి, నమ్మకండి.

మీ పౌడర్ వే కాకుండా బఠాణీ ప్రోటీనో, పాల విరుగులో ఉండే కేసిన్ రకమో అయితే నీళ్లు బాగా పీలుస్తుంది. అదే కొలతకి ఇంకో యాభై నుంచి వంద మిల్లీలీటర్లు పోయాలి, లేకపోతే రాగి అంబలి లాగా దిగుతుంది. మిక్సీలోంచి పోసినప్పుడు బాగానే ఉండి, పది నిమిషాలాగితే గట్టిపడుతుంది కూడా. అది పాడైందనుకోకండి.

మిక్సీ గురించి ఒక రెండు నిమిషాలు. ఎందుకంటే ఇక్కడే అందరూ విసిగి మానేస్తారు. "మేడమ్, ఉండలు కట్టింది", "మేడమ్, సగం గ్లాసు నురగే". ఉండలు ఎందుకు? పొడి ముందు వేసి పైన పాలు పోస్తారు. పొడి బ్లేడు కింద మూలల్లో అతుక్కుంటుంది, పైన తడిసి లోపల పొడిగా ఉండలవుతుంది. జార్ కడిగేటప్పుడు అడుగున ముద్ద కనిపిస్తే, అదిగో, మీ ప్రోటీన్ సింకులోకి పోయింది. మీరు త్రాసులో 29 గ్రాములు తూచినా లోపలికి వెళ్లింది పాతికే కావచ్చు. కాబట్టి జార్‌లో ముందు పాలు, దాంట్లో పండు, ఈ రెండూ నున్నగా అయ్యేదాకా తిప్పండి. పొడి ఆఖర్న.

నురగ కూడా అక్కడే పోతుంది. వే ప్రోటీన్‌కి గాలిని పట్టుకునే గుణం ఉంది, గుడ్డు తెల్లసొన గిలక్కొడితే పొంగుతుంది చూడండి, అలాంటిదే. నిమిషం, రెండు నిమిషాలు హై మీద తిప్పితే జారంతా నురగవుతుంది. మూత తీయగానే పొంగి బయటికి వస్తుంది. పొడి వేశాక పది, పదిహేను సెకన్లు చాలు, మీ మిక్సీ మీద ఎడమవైపు తిప్పితే విప్ అని ఉంటుంది, వదిలేయగానే ఆగిపోతుంది, దాంతో నాలుగుసార్లు నొక్కండి. అంతే. నురగ వచ్చేసిందా, అయిదు నిమిషాలు ఆగండి, కూర్చుంటుంది. ప్రోటీన్ ఎక్కడికీ పోలేదు, నురగలోనే ఉంది, దాన్ని చెంచాతో తీసి పారేయకండి.

ఇప్పుడు బొప్పాయి. ఇది చెప్తే నాకే నవ్వొస్తుంది, ఎందుకంటే నేనే ఈ తప్పు చేశాను. మొదట్లో ఒకసారి, పొద్దున్నే హడావిడి వద్దని రాత్రే బొప్పాయి, పాలు, వనిల్లా వే కలిపి సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున మూత తీసి ఒక గుక్క వేశాను, కాకరకాయ! పౌడర్ పాడైందనుకుని దుకాణం వాడికి ఫోన్ చేసి తిట్టాను కూడా, పాపం. తప్పు పౌడర్‌ది కాదు. బొప్పాయిలో పపైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, మాంసం కూర మెత్తబడాలని పచ్చి బొప్పాయి ముక్క వేస్తారు చూడండి, అదే. అది పాల ప్రోటీన్‌ని ముక్కలు చేస్తుంది, ఆ ముక్కల్లో కొన్నిటికి చేదు రుచి. పైనాపిల్, కివీ, ఇవీ అంతే. ఫ్రిజ్‌లో పెడితే నెమ్మదిస్తుంది కానీ ఆగదు, ఫ్రీజర్‌లో పెట్టినా ఎంజైమ్ చావదు. వేడి చేస్తేనే పోతుంది. డబ్బాలో అమ్మే పైనాపిల్ ముక్కలు వేడి చేసినవే కాబట్టి వాటితో ఈ గొడవ లేదు. తాజా బొప్పాయి వేశారా, చేసిన వెంటనే తాగేయండి, బాగానే ఉంటుంది. చేదెక్కిన దాంట్లో ప్రోటీన్ పోయినట్టు కాదు, మన కడుపు చేయాల్సిన పని అది సీసాలోనే మొదలుపెట్టింది, అంతే. కానీ ఆ చేదు ఎవరు తాగుతారు?

ఏ పండైనా సరే, పాలు కలిపిన స్మూతీ మన ఎండల్లో బ్యాగులో పెట్టుకుని తిరగకండి. గంట దాటితే పారేయడమే. పొడి విడిగా చిన్న డబ్బాలో తూచి పెట్టుకుని వెళ్లండి, అక్కడ పాలు పోసుకుని షేకర్‌లో ఊపుకోండి.

(వెనక నుంచి: నాకు తాగగానే గ్యాస్ మేడమ్, పౌడర్ పడట్లేదేమో?)

కావచ్చు. కాకపోవచ్చు. మీకు పాలు ఒక్కటే ఒక పెద్ద గ్లాసు తాగితే ఎలా ఉంటుంది? అప్పుడూ ఉబ్బరంగానే ఉంటుందా? అదిగో మరి. పావు లీటరు పాలలో పన్నెండు గ్రాముల లాక్టోజ్ ఉంటుంది, పాల చక్కెర. వే కాన్సంట్రేట్ ఒక స్కూపులో ఉండేది ఒకటీ రెండు గ్రాములు. డబ్బా మీద అనుమానపడతారు గానీ చాలాసార్లు దొంగ పాల ప్యాకెట్. ఎలా తేల్చుకోవాలి? ఒక మూడు రోజులు పాలు తీసేసి నీళ్లతో చేసుకోండి, పౌడర్ అదే ఉంచండి. ఉబ్బరం పోయిందా, పాలే. పోలేదా, అప్పుడు పౌడర్ మార్చి ఐసొలేట్‌కి వెళ్లండి, అంటే వేని ఇంకా శుద్ధి చేసిన రకం, దాంట్లో లాక్టోజ్ నామమాత్రం. రెండూ ఒకేసారి మార్చకండి, ఏది కారణమో ఎప్పటికీ తెలీదు. ఐసొలేట్‌కి మారితే లెక్క కూడా మారుతుంది, మర్చిపోవద్దు. 30 గ్రాములకి 27 ప్రోటీన్ ఉన్న డబ్బా అనుకోండి, నీళ్లతో, ఒక అరటిపండుతో ముప్పై రావాలంటే 32 గ్రాములు సరిపోతుంది. ఇందాక కాన్సంట్రేట్ అయితే నలభై కావాల్సి వచ్చింది కదా.

ఇంకో ప్రశ్న చీటీ మీద వచ్చింది. "మా అమ్మకి డెబ్బై రెండేళ్లు, అన్నం రెండు ముద్దలు తింటుంది, ప్రోటీన్ డబ్బా అంటే మందు అనుకుని భయపడుతుంది. స్మూతీలో ఇవ్వగలమా?" ఇవ్వచ్చు. పెద్దావిడకి ఒకేసారి ముప్పై పెట్టుకోకండి, అంత గ్లాసు తాగలేదు, తాగితే మధ్యాహ్నం అన్నం మానేస్తుంది. ఇరవై పెట్టుకోండి. పాలు 200 మిల్లీలీటర్లు, ఆరున్నర వస్తుంది. సపోటా ఒక ముక్క రుచికి, దాని ప్రోటీన్ లెక్కలోకి తీసుకోకండి. పౌడర్ వాడితే 18, 19 గ్రాములు వేస్తే ఇరవైకి వచ్చేస్తారు, సగం స్కూపు కంటే కొంచెం ఎక్కువ. పౌడర్ వద్దంటే వెన్న తీసిన పాలపొడి 25 గ్రాములు వేయండి, కిరాణా కొట్లో స్కిమ్డ్ మిల్క్ పౌడర్ అని అడగండి, టీలో వేసే డెయిరీ వైట్‌నర్ కాదు, దాంట్లో చక్కెర కలుపుతారు. అది ఎనిమిదిన్నర ఇస్తుంది. పుట్నాలు 25 గ్రాములు పొడి గొట్టి వేయండి, అయిదున్నర. ఎంతైంది? ఆరున్నర, ఎనిమిదిన్నర, అయిదున్నర. ఇరవై దాటింది, డబ్బా లేకుండానే. పుట్నాల పొడి చిక్కబరుస్తుంది కాబట్టి కాసిని నీళ్లు పట్టొచ్చు. పాలు పడనివాళ్లకి మాత్రం ఇది వద్దు, పాలపొడిలో లాక్టోజ్ ఎక్కువ. షుగర్ ఉంటే సపోటా బదులు రెండు స్ట్రాబెరీలో, యాలకుల పొడో.

పచ్చిగుడ్డు కొట్టి పోయొచ్చా అని కూడా ఎవరో అడిగారు. వద్దండి. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా భయం ఒకటి, పచ్చిగుడ్డులో ప్రోటీన్ ఉడికించినదాని కంటే బాగా తక్కువ ఒంటబట్టడం ఇంకొకటి. ఆరు గ్రాములు కావాలంటే ఒక గుడ్డు ఉడకబెట్టి పక్కన పెట్టుకుని తినండి. ప్రోటీనంతా గ్లాసులోనే ఉండాలని రూలేం లేదు కదా!

హాస్టల్లో ఉన్న పిల్లలు త్రాసు ఎక్కడ తెస్తాం అంటారు. కొనక్కర్లేదు. ఒక్కసారి ఎవరి ఇంట్లోనైనా, స్వీట్ షాపులోనైనా సరే, మీ స్కూపుని కత్తి వెనకతో చదును చేసి మూడుసార్లు తూయించండి. మూడిటి సగటు ఎంతో స్కూపు మీదే మార్కర్‌తో రాసేయండి, 30 అనో 31 అనో. ఆ తర్వాత ఎప్పుడూ చదును చేసే తీయండి. గోపురాలు వద్దు బాబూ, నిన్నే. కొత్త డబ్బా తెరిచినప్పుడు మళ్లీ ఒకసారి తూయండి, కంపెనీ మారితే స్కూపు సైజూ మారుతుంది, పాత స్కూపు కొత్త డబ్బాలో వేసి వాడేవాళ్లని చాలామందిని చూశాను. పాలకి కూడా ఇంట్లో గ్లాసు ఎంత పడుతుందో ఒకసారి నీళ్లు పోసి కొలుచుకోండి, మీరు పావు లీటరు అనుకునే స్టీలు గ్లాసులో నూట ఎనభయ్యే పట్టొచ్చు.

సరే, మాటలు చాలు. మిక్సీ ప్లగ్ ఎక్కడ పెట్టాలి? ఆ మూలనా. అరటిపండు ముక్కలు ఫ్రీజర్‌లోంచి తెప్పించారా? బాబూ, నువ్వే రా మళ్లీ, 29 గ్రాములు తూయి చూద్దాం.